మెమో ఫోటో: బటన్ నొక్కక ముందే సగం పని

దరఖాస్తుకు చివరి తేదీ. రాత్రి పదకొండు దాటింది. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల షట్టర్లు ఎప్పుడో దించేశారు. అద్దె గదిలో ఒక డిగ్రీ విద్యార్థి పదో తరగతి మెమోను మంచం మీద పెట్టి, ట్యూబులైటు కింద కూర్చుని, ఫోన్‌తో ఫోటో తీశాడు. అప్‌లోడ్ చేశాడు. సైట్ తీసుకుంది. హాయిగా పడుకున్నాడు.

తర్వాత ఆ ఫోటో నాకు చూపించి, 'మంచిగనే ఉంది కదన్నా' అని అడిగాడు. ఫోన్ తెరమీద చూస్తే మంచిగనే ఉంది. 'పెద్దగా చేసి పైన రోల్ నంబర్ చదువు తమ్మీ' అన్నాను. చదవబోయి ఆగిపోయాడు. 'మూడా, ఎనిమిదా?' తన నంబర్ తనకు తెలుసు కాబట్టి సరిగ్గానే చెప్పగలడు. కానీ పరిశీలించే అధికారికి ఆ నంబర్ ముందే తెలియదు కదా. ఆయన చేతిలో ఉన్నది ఆ ఫోటో ఒక్కటే.

మన దగ్గర ఉద్యోగ ప్రకటనలన్నీ ఒకే మాట చెబుతాయి: 'స్పష్టంగా కనిపించే ప్రతిని అప్‌లోడ్ చేయాలి' అని. స్పష్టంగా ఎలా తీయాలో మాత్రం ఎక్కడా ఉండదు. సైట్ కూడా ఫైల్ సైజు, రకం సరిపోయాయా అనే చూస్తుంది కానీ, అంకెలు చదవడానికి వస్తున్నాయా అని చూడదు. కాబట్టి 'సైట్ తీసుకుంది' అంటే 'బాగా వచ్చింది' అని అర్థం కాదు. ఆ తేడా అభ్యర్థికి తెలిసే సమయానికి సవరణ గడువు కూడా దాటిపోవచ్చు.

చాలామంది చేసే పొరపాటు ఇది: ఎలాగోలా ఫోటో తీసేసి, వంకర, నీడ అన్నీ యాప్ సరిచేస్తుందని వదిలేయడం. యాప్ సరిచేస్తుంది, నిజమే. కానీ ఫోటోలోకి రాని వివరాన్ని అది తెచ్చి ఇవ్వలేదు. అందుకే ఆ విద్యార్థి ఫోటోనే ముందు పెట్టుకుని, ఏది ఎక్కడ చెడిందో, ఏది సరిచేయవచ్చో, ఏది సరిచేయలేమో చూద్దాం.

వంకర పోతుంది, పోయిన అంకె రాదు

మంచం మీద కూర్చుని ముందున్న కాగితాన్ని తీస్తే ఫోన్ ఏటవాలుగానే ఉంటుంది. మన వైపు అంచు దగ్గరగా, అవతలి అంచు దూరంగా పడతాయి. ఫోటోలో దీర్ఘచతురస్రం కాస్తా పైన సన్నగా, కింద వెడల్పుగా మారుతుంది.

ఆ ఫోటో కొలతలు చూశాను. మెమోను ఏ4 కాగితం అంత అనుకుందాం: వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7 సెంటీమీటర్లు. ఫోన్ సుమారు 45 డిగ్రీలు వాలి ఉంది. మెమో కింది అంచు లెన్సుకు దాదాపు 31 సెంటీమీటర్ల దూరంలో, పై అంచు 52 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. 12 మెగాపిక్సెల్ ఫోటోలో కింది అంచు దాదాపు 2,000 పిక్సెళ్లు వస్తే, పై అంచు 1,200 మాత్రమే వచ్చింది. అంటే పై వరుసలోని అక్షరాల వెడల్పు కింది వరుసతో పోలిస్తే 60 శాతం. ఇది కంటికి కనిపించే నష్టం.

కనిపించని నష్టం ఇంకా పెద్దది. కాగితం వాలి ఉన్నప్పుడు దూరంగా ఉన్న అక్షరం ఎత్తు, వెడల్పు కంటే వేగంగా తగ్గుతుంది. వెడల్పు 60 శాతమైతే ఎత్తు అరవైలో అరవై శాతం, అంటే 36 శాతమే. లెక్క వేస్తే ఆ ఫోటోలో పై అంచు దగ్గరున్న రెండున్నర మిల్లీమీటర్ల అంకెకు ఎత్తులో దక్కినవి ఎనిమిది పిక్సెళ్లు. అదే మెమోను ఫోన్ సమాంతరంగా పట్టుకుని 35 సెంటీమీటర్ల ఎత్తు నుంచి తీసి ఉంటే, అదే అంకెకు 21 పిక్సెళ్లు వచ్చేవి. చేయి కొంచెం వణికినా ఎనిమిది పిక్సెళ్లలో మూడుకూ ఎనిమిదికీ తేడా మిగలదు. పోర్టల్ అడిగిన సైజుకు ఫోటోను సగానికి కుదిస్తే మిగిలేవి నాలుగే.

ఇప్పుడు యాప్ ఏం చేస్తుందో చూద్దాం. ఫోటోలో కాగితం నాలుగు మూలలనూ గుర్తిస్తుంది. ఆ నాలుగు బిందువులను ఒక సరైన దీర్ఘచతురస్రం నాలుగు మూలలకు జతచేస్తుంది. ఒక్కో మూలకు అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత, మొత్తం ఎనిమిది. ఏటవాలు చిత్రాన్ని నిటారు చేసే సూత్రంలో కనుక్కోవాల్సినవీ సరిగ్గా ఎనిమిదే. అందుకే నాలుగు మూలలు దొరికితే చాలు, పని జరిగిపోతుంది. అయితే పై వరుసను వెడల్పు చేయాలంటే ఉన్న పిక్సెళ్ల మధ్య కొత్తవి కల్పించాలి. పక్క పిక్సెళ్లను చూసి సగటు రంగు పూస్తుంది. ఆకారం నిటారుగా వస్తుంది, అంకె మాత్రం మసకగానే ఉంటుంది. సాగదీసిన రబ్బరు ముక్క మీద రాత పెద్దగా కనిపిస్తుంది కానీ కొత్త గీత రాదు కదా, ఇదీ అంతే.

ఇంకో సంగతి. నాలుగు మూలల లెక్క కాగితం పూర్తిగా చదునుగా ఉందని నమ్ముతుంది. మడతపెట్టి పర్సులో దాచిన సర్టిఫికెట్, మూలలు పైకి లేచిన లామినేషన్ చదునుగా ఉండవు. మూలలు నాలుగూ సరిగ్గా కుదిరినా మధ్యలో వరుసలు అలలా వంగి కనిపిస్తాయి. దీనికి మందు ముందు రోజు రాత్రే వేయాలి: రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి వదిలేయాలి. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు. లామినేషన్ కరుగుతుంది, ప్రింటు అంటుకుంటుంది.

ఎలా నిలబడాలి, ఎంత ఎత్తులో పట్టుకోవాలి

కాగితాన్ని మంచం మీద కాకుండా గట్టి, చదునైన చోట పెట్టండి. మోకాలి ఎత్తు బల్లయినా, స్టూలయినా, నేలయినా సరే. కింద ముదురు రంగు దుప్పటి ముక్కో, నల్ల చున్నీయో ముడతలు లేకుండా పరవండి. తెల్ల టైల్స్ మీద తెల్ల కాగితం పెడితే అంచు ఎక్కడుందో యాప్‌కు దొరకదు. మూలలను తప్పుగా పట్టుకుని, పై వరుసను కోసేస్తుంది.

మీరు కూర్చోవద్దు, నిలబడి వంగండి. ఫోన్‌ను మొదట కాగితం మధ్యలో పడుకోబెట్టండి. అక్కడి నుంచి అలాగే, వాలకుండా, నిటారుగా పైకి లేపండి. జానెడున్నర ఎత్తు చాలు, అంటే సుమారు 35 సెంటీమీటర్లు. అక్కడ మామూలు ఫోన్ మెయిన్ కెమెరాతో ఏ4 కాగితం పొడవు ఫోటో పొడవులో దాదాపు మూడింట రెండు వంతులు ఆక్రమిస్తుంది. అంగుళానికి రెండు వందలకు పైగా పిక్సెళ్లు వస్తాయి. చిన్న అక్షరాలు చదవడానికి అది సరిపోతుంది. ఇంకా దగ్గరికి పోతే ఫోన్ నీడ కాగితం మీద పడుతుంది, అంచుల్లో గీతలు వంగుతాయి. మరీ పైకి పోయి 60 సెంటీమీటర్ల నుంచి తీస్తే అంగుళానికి 130 పిక్సెళ్లు కూడా రావు. ఫోటోలో దుప్పటే ఎక్కువ ఉంటుంది.

సమాంతరంగా ఉందో లేదో కంటితో చెప్పడం కష్టం. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. చాలా ఫోన్లలో కెమెరాను నేరుగా కిందికి తిప్పితే తెర మధ్యలో రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి కలిస్తే ఫోన్ నేలకు సమాంతరంగా ఉన్నట్టు. మీ ఫోన్లో ఆ గుర్తులు లేకపోతే కాగితం అంచులను గ్రిడ్ గీతలతో పోల్చండి. ఎడమ అంచు, కుడి అంచు రెండూ నిలువు గీతలకు సమంగా నడవాలి. పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంటే ఫోన్ పై భాగం కాగితానికి దూరంగా ఉందని అర్థం, అటు కాస్త దించండి.

మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. బటన్ నొక్కేటప్పుడు వచ్చే కుదుపే చాలా ఫోటోలను పాడుచేస్తుంది. టైమర్ పెడితే ఆ కుదుపు పోయాకే ఫోటో పడుతుంది.

వెలుతురు నెత్తి మీది నుంచి కాదు, పక్క నుంచి

ఆ విద్యార్థి ఫోటోలో రెండో లోపం నీడ. ట్యూబులైటు గోడకు, తను ట్యూబులైటుకు కాగితానికి మధ్య. తల నీడ, ఫోన్ నీడ కలిసి సరిగ్గా పుట్టిన తేదీ మీద పడ్డాయి. మనలో చాలామంది కాగితాన్ని లైటు కిందికి తీసుకెళ్తారు. లైటు కింద మనమూ వంగుతాం కాబట్టి నీడ తప్పదు. వెలుతురు పక్క నుంచి రావాలి. ఎడమ వైపో, కుడి వైపో కిటికీ ఉండేలా కాగితాన్ని పెట్టి, మీరు కిటికీకి పక్కగా నిలబడితే మీ నీడ కాగితం అవతల పడుతుంది.

ఎండ నేరుగా పడే చోటు వద్దు. కిటికీ చువ్వల నీడలు చారలు చారలుగా పడతాయి. పగలు పదింటి నుంచి నాలుగింటి మధ్య, నేరుగా ఎండ రాని కిటికీ పక్కన లేదా వరండా నీడలో తీస్తే మెత్తటి వెలుతురు దొరుకుతుంది. మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది. మన ప్రాంతంలో ఉత్తరపు కిటికీలోకి ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ నేరుగా రాదు కాబట్టి అలాంటి గది ఉన్న మిత్రుడిని వెతుక్కోండి.

పగటి వెలుతురుకు ఇంకో లాభం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, కొన్ని ఎల్ఈడీ బల్బులు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది. ఫోటోలో మసక పట్టీలు అడ్డంగా కనిపిస్తాయి. సూర్యుడు మినుకుమనడు.

రాత్రే తీయక తప్పదంటే బల్బు దూరం చూసుకోండి. టేబుల్ ల్యాంపును కాగితం అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే, 21 సెంటీమీటర్ల అవతల ఉన్న రెండో అంచుకు మూడో వంతు వెలుతురే చేరుతుంది. అదే ల్యాంపును మీటరు దూరం జరిపితే ఆ తేడా ఒకటిన్నర రెట్లకు తగ్గుతుంది. మొత్తం వెలుతురు తగ్గుతుంది నిజమే, కానీ సమంగా పడుతుంది. చేయి వణక్కుండా టైమర్ ఉంది కదా. కిటికీ వెలుతురుకైనా, ల్యాంపుకైనా ఎదురు వైపు ఒక తెల్ల చార్టును నిలబెట్టండి. అది వెలుతురును తిరిగి చీకటి వైపు అంచు మీదికి పంపుతుంది. ఆ ఒక్క చార్టుతో వచ్చే తేడాను తెర మీద అప్పటికప్పుడు చూడవచ్చు.

లామినేషన్ చేసిన మెమోకు నీడ కంటే మెరుపు పెద్ద శత్రువు. ప్లాస్టిక్ అద్దం లాంటిది. వెలుతురు ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలికి పోతుంది. లైటు నెత్తి మీద ఉంటే ఆ మెరుపు నేరుగా లెన్సులోకే వస్తుంది. పక్క నుంచి, 45 డిగ్రీల వాలులో వస్తే అవతలి వైపుకు జారిపోతుంది. ఫ్లాష్ వాడితే మాత్రం మెమో మధ్యలో తెల్లటి మచ్చ ఖాయం, దాని కింద ఉన్న అక్షరాలు ఏ యాప్‌తోనూ తిరిగి రావు. ఫ్లాష్ ఆపేయండి. పైన తెల్ల ఫ్యానో, మీ తెల్ల చొక్కానో ప్లాస్టిక్‌లో ప్రతిబింబిస్తుంటే ముదురు చొక్కా వేసుకోండి, కాగితాన్ని కాస్త పక్కకు జరపండి.

చివరగా తెర మీద కాగితం మధ్యలో వేలితో తాకండి. ఫోకస్ అక్కడ కుదురుతుంది. ఫ్రేము నిండా తెల్ల కాగితమే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుగా చూపిస్తుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరిపితే తెలుపు తెల్లగా వస్తుంది. లేత సంతకం, పాత రబ్బరు స్టాంపు కనిపించకుండా పోయేంత వరకు మాత్రం పోవద్దు.

నీడ తీసే ఫిల్టర్ ఏం చేస్తుంది, ఏం చెరుపుతుంది

ఇంత జాగ్రత్త పడ్డా కొంచెం వెలుతురు తేడా మిగులుతుంది. దాన్ని తీయడానికే ఫిల్టర్లు. అవి పనిచేసే తీరు తెలిస్తే ఏది ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది.

ఫోటోలో ప్రతి పిక్సెల్ వెలుగుకూ 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది. 0 నలుపు, 255 తెలుపు. ఆ విద్యార్థి ఫోటోలో నీడ లేని చోట కాగితం 220, సిరా 40 దగ్గర ఉన్నాయనుకోండి. నీడలో కాగితం 90, సిరా 16. రెండు చోట్లా సిరాకూ కాగితానికీ మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు ఒకటే, ఐదో వంతు కంటే కాస్త తక్కువ. మంచి ఫిల్టర్ చేసేది ఇదే: ప్రతి చోటా చుట్టుపక్కల కాగితం ఎంత తెల్లగా ఉందో అంచనా వేసి, అక్కడి పిక్సెల్‌ను దానితో భాగిస్తుంది. నీడలోనూ బయటా కాగితం ఒకే తెలుపుకు, సిరా ఒకే నలుపుకు వస్తాయి. నీడ మాయం.

కానీ ఈ లెక్కకు మూడు చోట్ల పట్టు జారుతుంది. ఒకటి, నీడలోని 90ని పైకి లాగితే అక్కడి గరుకు చుక్కలు కూడా రెండున్నర రెట్లు పెరుగుతాయి. అక్షరాల చుట్టూ ఇసుక చల్లినట్టు ఉంటుంది. రెండు, నీడ అంచు కత్తిరించినట్టు ఉంటే అక్కడ ఒక సన్నని గీత మిగిలిపోతుంది. మూడు, ఫిల్టర్‌కు పెద్ద లేత మచ్చ ఏదైనా నీడలాగే కనిపిస్తుంది. లేత ఊదా రంగు స్టాంపు, కాగితం మీది వాటర్‌మార్క్, అతికించిన ఫోటో చెంపలు అన్నీ వెలిసిపోతాయి.

'బ్లాక్ అండ్ వైట్' ఫిల్టర్‌తో అయితే ఇంకా జాగ్రత్త. దాని పాత పద్ధతిలో ఒక గీత గీసినట్టు, ఉదాహరణకు 128 కంటే తక్కువైతే నలుపు, ఎక్కువైతే తెలుపు. అప్పుడు నీడలోని 90 కాగితమంతా నల్లబడుతుంది. 180 దగ్గరున్న లేత స్టాంపు పూర్తిగా తెల్లబడి మాయమవుతుంది. తెలుగులో ముద్రించిన ధ్రువపత్రాలకు ఈ ఫిల్టర్ మరీ చేటు. మన లిపిలో 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ తేడా ఒక చిన్న గీత. ఒత్తులు వరుస కింద సన్నగా ఉంటాయి. ఆ గీత పోతే తండ్రి పేరు మారిపోతుంది. కాబట్టి మెమోలకు, కుల, ఆదాయ ధ్రువపత్రాలకు 'కలర్' ఎంచుకోండి. చేతిరాత పేజీలకు, నోట్సుకు నలుపు-తెలుపు సరిపోతుంది.

ఇక్కడ ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. నీడ తీయడం, వంకర సరిచేయడం, కాగితం తెల్లగా చేయడం కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడమే. మసకబారిన అంకె మీద ఎడిటింగ్ యాప్‌తో మళ్లీ రాయడం, స్టాంపును గట్టిగా దిద్దడం మాత్రం పత్రాన్ని మార్చడమే అవుతుంది. ఉద్దేశం మంచిదైనా పరిశీలనలో అది దొంగ పత్రంలానే కనిపిస్తుంది. అసలు పత్రంలోనే అంకె వెలిసిపోతే ఇచ్చిన కార్యాలయం నుంచి నకలు తెచ్చుకోవడమే దారి.

సైజు కుదించడం ఆఖరి పని

క్రమం ముఖ్యం. మొదట మూలలు, తర్వాత వెలుతురు, తర్వాత అంచుల కోత, అన్నింటికన్నా చివర సైజు. జేపీజీ ఫైలును సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. నాలుగుసార్లు కుదించి, వాట్సాప్‌లో ఫోటోగా పంపి, దాన్ని దించుకుని మళ్లీ కుదిస్తే అక్షరాల అంచుల్లో నురగ మిగులుతుంది. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపండి. మొదట తీసిన పెద్ద ఫోటోను ఎప్పటికీ చెరపకండి. ప్రతి దరఖాస్తుకూ దాని నుంచే కొత్త ప్రతి తీయండి.

సమంగా వెలుతురు పడ్డ ఫోటోకు ఇక్కడ కూడా బోనస్ ఉంది. జేపీజీ పద్ధతిలో చదునైన తెలుపు చాలా తక్కువ చోటు తీసుకుంటుంది. నీడలు, గరుకు, దుప్పటి పూలు ఎక్కువ చోటు తింటాయి. అందుకే శుభ్రంగా తీసిన మెమో 100 కేబీలో కూడా చదవగలిగేలా ఉంటుంది, నీడల మెమో అదే 100 కేబీలో ముద్దగా మారుతుంది.

బ్యాంకు పరీక్షలు రాసేవారికి ఒక ప్రత్యేక సంగతి. ఐబీపీఎస్ ఇటీవలి నోటిఫికేషన్లలో చేతిరాత డిక్లరేషన్‌ను 800 x 400 పిక్సెళ్లలో, 50 నుంచి 100 కేబీ మధ్య అడుగుతోంది. అది కాగితం మీద 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తుకు సమానం. చాలామంది ఏ4 కాగితం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రాసి, దాన్ని 800 పిక్సెళ్లకు కుదిస్తారు. అప్పుడు అంగుళానికి వందకు తక్కువ పిక్సెళ్లు వస్తాయి, రాత చీమల బారులా మారుతుంది. దానికి బదులు పెన్సిల్‌తో 10 x 5 సెంటీమీటర్ల పెట్టె గీసి, దాని లోపల నల్ల సిరాతో రాసి, ఆరాక పెన్సిల్ గీత చెరిపి ఫోటో తీయండి. అంగుళానికి రెండు వందల పిక్సెళ్లు నిలుస్తాయి. నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కూ కొలతలు మారవచ్చు కాబట్టి ప్రతిసారీ చదివే నిర్ణయించుకోండి.

మళ్లీ తీసిన ఫోటో

ఆ విద్యార్థి మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తీశాడు. స్టూలు మీద నల్ల చున్నీ, ఎడమ పక్క కిటికీ, కుడి పక్క పుస్తకాలకు ఆనించిన తెల్ల చార్టు, జానెడున్నర ఎత్తు, మూడు సెకన్ల టైమర్. మూలలను యాప్ సొంతంగానే పట్టుకుంది. 'కలర్' ఫిల్టర్ పెట్టాడు. తర్వాత నాలుగు పరీక్షలు చేశాం. ఇవి మీరూ చేయండి.

ఫోటోను రెండింతలు పెద్దది చేసి, నాలుగు మూలల్లో ఉన్న అతి చిన్న అక్షరాలు చదవాలి. మధ్యలో బాగుండి మూలల్లో మసకేస్తే ఫోన్ వాలింది లేదా కాగితం లేచింది. గుండ్రని ముద్ర గుండ్రంగానే ఉందా చూడాలి. కోడిగుడ్డులా ఉంటే యాప్ నిష్పత్తి తప్పింది, మూలలను చేత్తో సరిచేయాలి. ఫిల్టర్‌కు ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి స్టాంపు, సంతకం, ఫోటో అలాగే ఉన్నాయా పోల్చాలి. నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం: మీ నంబర్ తెలియని రూమ్మేట్‌కు కుదించిన ఆఖరి ఫైలు ఇచ్చి రోల్ నంబర్, పుట్టిన తేదీ, పేర్లు గట్టిగా చదవమనాలి. మీరు చదివితే మీ కళ్లు కాదు, మీ జ్ఞాపకం చదువుతుంది.

రూమ్మేట్ ఆగకుండా చదివాడు. మూడు మూడుగానే వచ్చింది. అయితే ఆ దరఖాస్తులో పోయినది పాత ఫోటోనే. సవరణకు అవకాశం ఇస్తారో లేదో ఆ అబ్బాయి ఇంకా ఎదురుచూస్తున్నాడు.

అందుకే రెండు మాటలు. అభ్యర్థులకు: నోటిఫికేషన్ వచ్చాక, చివరి రాత్రి కాదు, ఈ ఆదివారమే ఒక మధ్యాహ్నం కేటాయించి మెమోలు, ధ్రువపత్రాలన్నీ ఒకే కూర్చోలో తీసి భద్రం చేసుకోండి. కాలేజీలకు, నియామక సంస్థలకు: 'స్పష్టంగా ఉండాలి' అని రాస్తే సరిపోదు. ఏ అక్షరం చదవగలగాలో చూపే ఒక నమూనా ఇవ్వండి, సమర్పించే ముందు అసలు సైజులో చూసుకునే వీలు పెట్టండి. కాలేజీ గ్రంథాలయంలో ఉత్తరపు కిటికీ పక్కన ఒక బల్ల, ఒక నల్ల గుడ్డ, ఒక తెల్ల చార్టు పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఏళ్ల తరబడి చదివి సంపాదించిన మార్కులు ఒక తల నీడ కింద కనబడకుండా పోకూడదు.